వంద మాటలకు ఎన్ని తడబాట్లు?

మా మేనల్లుడికి నేను మొదట కొనిచ్చిన పుస్తకం వాడి పరుపు కింద దొరికింది. అది పొరపాటున అక్కడికి చేరలేదు, వాడే దాచాడు. పై ఇంటి పిల్లవాడు ఆడుకోవడానికి వచ్చినప్పుడు కంటబడకూడదని పరుపు కిందికి తోసేశాడు. అట్ట మీద గొడుగు పట్టుకున్న కుందేలు, పేజీకి రెండు వాక్యాలు, అరచేతి మందాన అక్షరాలు. ఎందుకు దాచావురా అని అడిగితే తల వంచుకుని, "అది ఎల్‌కేజీ పిల్లోళ్ళది మామా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

వాడికి పదేళ్ళు. మా చెల్లెలు పలమనేరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఈ జూన్‌లో వాణ్ణి ఐదో తరగతికి తిరుపతిలో మా ఇంటికి పంపింది. పంపేటప్పుడే చెప్పింది: "అన్నా, వానికి చదవను రావడంలా. పుస్తకం తియ్యమంటే కడుపునొప్పి అంటాడు. తిట్టొద్దు, నువ్వే ఏదో ఒకటి చూడు." నాది డీటీపీ పని. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా రాసుకున్న కథల పుస్తకాలు టైపు చేసి పేజీలు పెడతాను. రోజంతా తెలుగు అక్షరాల మధ్యే ఉంటాను కాబట్టి పిల్లవాడికి పుస్తకం ఎంచడం పెద్ద పని కాదనుకున్నాను.

ముందు ఐదో తరగతి పిల్లలకు అని రాసి ఉన్న రాజుల కథల పుస్తకం తెచ్చాను. రెండో పేజీ దాటలేదు. దాంతో బాగా కిందికి దిగి కుందేలు పుస్తకం తెచ్చాను. అది పరుపు కిందికి పోయింది. మన ఇళ్ళలో, బళ్ళలో జరిగేది ఈ రెండింటిలో ఒకటే అని నాకు అప్పుడు అర్థమైంది. ఒకరు "ఐదో తరగతి వాడు ఐదో తరగతిదే చదవాలి" అంటారు. ఇంకొకరు "రానప్పుడు ఒకటో తరగతిది ఇవ్వండి" అంటారు. పుస్తకంలో రెండు వేరువేరు సంగతులు ఉంటాయని ఇద్దరూ మర్చిపోతున్నారు. ఆ పేజీ కంటికి ఎంత బరువు అన్నది ఒకటి, అందులో ఉన్న విషయం ఏ వయసు మనిషిది అన్నది ఇంకొకటి. మావాడి కన్ను రెండో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ బుర్ర అక్కడ ఆగలేదు. వాడు మోటారు స్టార్టర్ వైర్లు సర్దగలడు, కోడిపుంజు బేరం చెయ్యగలడు. అలాంటివాడికి గొడుగు పట్టుకున్న కుందేలు ఇస్తే అవమానం కాక ఇంకేమవుతుంది?

ఈ దశలో మా షాపుకి మనవరాలి ఓణీల పత్రిక కొట్టించుకోవడానికి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. మాటల్లో ఈ సంగతి చెబితే ఆవిడ, "పుస్తకం తర్వాత చూద్దువు నాయనా. వాడు ఎక్కడ ఆగుతున్నాడో ముందు చూడు" అన్నారు. ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి అసర్ సర్వేలో ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించే పద్ధతి ఆవిడే చెప్పారు. అందులో నాలుగు మెట్లు ఉంటాయి: విడి అక్షరాలు, విడి మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. పిల్లవాడి తరగతి ఏదైనా సరే, ఏ మెట్టు దగ్గర ఆగాడన్నదే చూస్తారు. మావాడు పేరా చదివేశాడు. కథ దగ్గర నత్తి పట్టినట్టయింది. అక్షరాలు, గుణింతాలు వచ్చు. ఒత్తు వస్తే ఆగుతాడు, మాట పొడుగైతే మొదటి రెండక్షరాలు చదివి మిగిలింది ఊహిస్తాడు.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. పిల్లవాడు విడి అక్షరాల దగ్గరే ఆగిపోతుంటే నేను చెప్పేదేదీ పనికిరాదు. వాడికి కావలసింది పుస్తకం ఎంపిక కాదు, పక్కన కూర్చుని గుణింతాలు, ఒత్తులు నేర్పే మనిషి. మావాడికి కూడా ఒత్తులు విడిగా రోజూ పది నిమిషాలు నేర్పాను, ఆ పని కథల పుస్తకం చెయ్యదు. కంటి పరీక్ష కూడా ముందే చేయించాను. కొన్ని నెలలు సరిగ్గా నేర్పినా అక్షరాలు తారుమారు కావడం తగ్గకపోతే, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అదే తంతు అయితే, డిస్లెక్సియా అనే చదివే ఇబ్బంది ఉందేమో తెలిసినవాళ్ళకు చూపించాలి. దాన్ని బద్ధకమని కొట్టడం పాపం.

టీచరమ్మ చెప్పిన రెండో సంగతి వంద మాటల లెక్క. ఏ పుస్తకమైనా సరే, మధ్యలో ఎక్కడో తెరిచి వంద మాటలు లెక్కపెట్టి పెన్సిలుతో గీత పెట్టాలి. పిల్లవాడు పైకి చదువుతుంటే మనం పక్కన కూర్చుని, మరో కాగితం మీద తడబాట్లకు ఒక్కొక్క గీత గీసుకోవాలి. తప్పు చదివితే గీత, వదిలేస్తే గీత, ఐదారు సెకన్లు ఆగిపోయి మనం అందించాల్సి వస్తే గీత. తప్పు చదివి తనే దిద్దుకుంటే గీత లేదు, అది మంచి లక్షణం. వందకు ఐదు దాకా వస్తే ఆ పుస్తకం వాడు ఒంటరిగా చదువుకోవచ్చు. ఆరు నుంచి పది దాకా అయితే పక్కన మనిషి ఉండాలి. పది దాటితే అది ప్రస్తుతానికి వాడి కంటికి కాదు, చెవికి. ఇది ఆవిడ సొంత లెక్క కాదు. 1946లోనే ఎమ్మెట్ బెట్స్ అనే అమెరికన్ విద్యావేత్త ఇలా మూడు అంచెలుగా విడదీశాడు. ఆయన ఇంకా కఠినం, ఒంటరిగా చదివే పుస్తకంలో వందకు ఒక్క తప్పే ఉండాలన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు కొంచెం సడలించారు.

ఇంకో పద్ధతి కూడా చాలామంది చెబుతారు. పేజీ చదువుతూ తెలియని మాటకు ఒక వేలు ముడవమని, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం కష్టమని. అది ఇంగ్లీషు పుస్తకాలకు పుట్టిన కొలత. మన పిల్లల బొమ్మల పుస్తకంలో పేజీకి ముప్పై నలభై మాటలే ఉంటాయి. నలభైకి ఐదు అంటే ఎనిమిదింటిలో ఒకటి, అప్పటికే పిల్లవాడు మునిగిపోయి ఉంటాడు. పైగా ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది మనకు "వెళ్ళిపోయినప్పటికీ" అని ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అందుకే నేను పేజీని నమ్మను, మాటలనే లెక్కపెడతాను.

లెక్కలో మన ప్రాంతం వాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. పుస్తకంలో "వస్తున్నాడు" అని ఉంటే మావాడు "వస్తాండాడు" అని చదివాడు. "అక్కడ ఉంది" అని ఉంటే "ఆడుండాది" అన్నాడు. మొదట నేను గీతలు గీసేశాను. టీచరమ్మ ఆ కాగితం చూసి వాటిని కొట్టేయమన్నారు. "వాడు అక్షరాలు కూడబలుక్కుని ఉంటే ఉన్నది ఉన్నట్టే చదివేవాడు. అర్థం చేసుకున్నాడు కాబట్టే వాళ్ళ ఇంటి మాటలో చెప్పాడు. అది తప్పెట్లా అవుతుంది?" అన్నారు. నాకు ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. మన పిల్లల మాట వేరు, పుస్తకాల మాట వేరు. ఆ తేడాను తప్పుగా లెక్కపెట్టి ఎంతమంది పిల్లలకు చదవడం రాదని ముద్ర వేశామో అనిపించింది.

ఆ ఆదివారం మూడు పుస్తకాలతో కూర్చున్నాం. రాజుల కథల్లో వంద మాటలకు పంతొమ్మిది గీతలు పడ్డాయి. అందులో పదమూడు ఒత్తుల మాటలు, సంధి కలిసి పొడుగైన మాటలు: నిశ్చేష్టుడై, పట్టాభిషిక్తుడయ్యాడు లాంటివి. మిగిలిన ఆరు వాడికి బాగా వచ్చిన చిన్న మాటలు. "తలుపు" అన్నదాన్ని "తెలుపు" అన్నాడు. ఇది గమనించాల్సిన గుర్తు. వచ్చిన మాటలు కూడా తప్పుతున్నాయంటే కథ చేతిలోంచి జారిపోయింది, ఇక కళ్ళు మాత్రమే పరుగెత్తుతున్నాయి. గొంతు తగ్గుతుంది, ఆవలింతలు వస్తాయి, నీళ్ళు తాగొస్తానంటాడు. మా చెల్లెలు చెప్పిన కడుపునొప్పి ఇక్కడే పుడుతుంది. కుందేలు పుస్తకంలో రెండే గీతలు పడ్డాయి. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కథేంటిరా అంటే "ఏముంది, కుందేలు తడవలా" అన్నాడు.

మూడోది ఏనుగుల గురించిన సన్న పుస్తకం, కథ కాదు. దాన్ని ఎంచడానికి కారణం ఉంది. వాళ్ళ ఊరు కౌండిన్య అభయారణ్యానికి దగ్గర. రాత్రిళ్ళు ఏనుగులు రాగి చేలల్లోకి, చెరుకు తోటల్లోకి దిగుతాయి. టపాకాయల మోత, డప్పులు, టార్చిలైట్లు, ఫారెస్టు వాళ్ళు తవ్వించిన కందకాలు, తెల్లారి పొలం గట్టు మీద చూసిన అడుగులు, ఇవన్నీ వాడు పుట్టినప్పటి నుంచి ఎరుగును. అందులో ఎనిమిది గీతలు పడ్డాయి: క్షీరదం, శాకాహారి, సంతానోత్పత్తి లాంటి మాటల దగ్గర. లెక్క ప్రకారం అది కుందేలు పుస్తకం కంటే నాలుగింతలు కష్టం. అయినా వాడు ఆపలేదు. మందకు పెద్ద వయసు ఆడ ఏనుగు దారి చూపిస్తుందని చదివి, "అవును, ముసిల్దే ముందర వస్తాది. మగది వేరేగా తిరగతాది" అన్నాడు. గున్న కడుపులో దాదాపు ఇరవై రెండు నెలలు ఉంటుందన్నచోట ఆగి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. రోజుకు నూటయాభై కిలోల మేత అని చదివి, "మా పక్కోళ్ళ చేలో ఒక్క రాత్రికే మొత్తం పాయె" అన్నాడు. పుస్తకం మూసి చెప్పమంటే పది నిమిషాలు చెప్పాడు, పుస్తకంలో లేనివి కూడా కలిపి.

ఎనిమిది తడబాట్ల పుస్తకం రెండు తడబాట్ల పుస్తకం కంటే బాగా అర్థం కావడం నాకు మొదట వింతగా తోచింది. కానీ ఇది తెలిసిన సంగతే. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదివేవాళ్ళయినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు. విషయం ముందే తెలిసినప్పుడు తర్వాత ఏ మాట రాబోతుందో బుర్ర సిద్ధంగా ఉంచుకుంటుంది, తెలియని మాట అర్థం చుట్టూ ఉన్నవాటి నుంచి తోస్తుంది. కాబట్టి పిల్లవాడికి ఏమిష్టం అని మాత్రమే అడిగితే చాలదని నా వాదన. వాడికి ఏం తెలుసు అని కూడా అడగాలి. డైనోసార్లంటే ఇష్టమే మావాడికి, కానీ ఆ పుస్తకంలో ప్రతి పేరూ కొత్తదే. ఏనుగుల్లో ముప్పావువంతు మాటలు వాడి నోట్లో ముందే ఉన్నాయి.

అలాగని తెలిసిన విషయం ఏ బరువునైనా మోస్తుందనుకోకూడదు. వాడి ఉత్సాహం చూసి ఇంకో ఏనుగుల పుస్తకం తెచ్చాను, పెద్దవాళ్ళ కోసం రాసింది. అందులో ఒక వాక్యం ఇలాంటిది: "పంటపొలాల్లోకి చొరబడిన ఏనుగులమందను తరిమివేయడానికి గ్రామస్థులు టపాకాయలు పేలుస్తున్నప్పటికీ అవి ఏమాత్రం బెదరకపోవడంతో అటవీశాఖ సిబ్బందికి సమాచారమిచ్చారు." వాడు సగంలో ఊపిరి వదిలేశాడు. ఇందులో వాడికి తెలియని సంగతి ఒక్కటి కూడా లేదు. పదమూడు మాటలు ఒకే వాక్యంలో ఉన్నాయి, అసలు క్రియ చివర్లో ఎక్కడో ఉంది, అక్కడికి చేరేలోపు మొదట చదివింది మర్చిపోతాడు. నేను దాన్ని ఇలా టైపు చేసి ఇచ్చాను: "ఏనుగుల మంద పొలంలోకి వచ్చింది. ఊరివాళ్ళు టపాకాయలు పేల్చారు. అయినా మంద బెదరలేదు. అందుకని ఫారెస్టు వాళ్ళకు చెప్పారు." గడగడా చదివాడు. విషయం పదేళ్ళవాడికి తగినదే, కంటి మీద బరువు మాత్రం తగ్గింది.

ఇందులో నేను ఒక తప్పు చేశాను. మొదటిసారి రాసినప్పుడు "అయినా", "అందుకని" తీసేశాను, మాటలు తగ్గితే తేలికవుతుందని. వాడు చదివాడు గానీ, ఫారెస్టు వాళ్ళకు ఎందుకు చెప్పారురా అంటే తెల్లమొహం వేశాడు. వాక్యాన్ని ముక్కలు చెయ్యొచ్చు, ముక్కల మధ్య ముడి తెంపకూడదు. తేలిక పుస్తకాలు అని అమ్మేవాటిలో చాలావాటికి ఈ జబ్బుంది. ప్రతి వాక్యం చిన్నదే, కానీ ఒకదానికొకటి సంబంధం తెలియదు. కొనేముందు ఒక పేజీలో కాబట్టి, అయినా, అందుకే, అప్పుడు లాంటివి ఉన్నాయో లేదో చూస్తాను.

నా వృత్తి వల్ల కనబడిన సంగతి ఇంకొకటి. తెలుగులో ఒత్తు కింద ఉంటుంది, గుడి, కొమ్ము పైన, పక్కన ఉంటాయి. ఖర్చు తగ్గించడానికి పంక్తులు దగ్గరగా పెడితే పై పంక్తి ఒత్తు వచ్చి కింది పంక్తి తలకట్టుకు తగులుతుంది. మనకు అలవాటు కాబట్టి తెలియదు. ఒత్తులే సరిగా రాని పిల్లవాడికి అది ముళ్ళకంప. రెండు వైపులా అంచులు సమానంగా రావాలని పేజీ పెట్టినప్పుడు పంక్తి చివర మాట ఎక్కడ పడితే అక్కడ విరిగి, మిగతా ముక్క కిందికి పోతుంది, అడ్డగీత కూడా ఉండదు. మావాడు "పరుగె" అని ఒక మాట, "త్తింది" అని ఇంకో మాట చదువుకుని బిక్కమొహం పెట్టాడు. ఆ తప్పులు వాడివి కావు, మాలాంటి వాళ్ళవి. ఇప్పుడు వాడి కోసం ప్రింట్ తీసేవి పదహారు పాయింట్ల అక్షరాల్లో, పంక్తికీ పంక్తికీ ఇరవై ఆరు పాయింట్లు ఉంచి, కుడి అంచు వదిలేసి పెడతాను. రాజుల కథనే ఇలా పెట్టి మరో వంద మాటలు చదివిస్తే పంతొమ్మిది కాస్తా పద్నాలుగైంది. ఇంకా వాడి చేతికి అందదు, కానీ ఐదు గీతలు కేవలం అచ్చులోంచి పోయాయి.

ప్రింట్ తీయడానికి నాకు ఎక్కువగా ఉపయోగపడింది ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటు. తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఉంచి మనకు కావలసినట్టు మార్చుకోవడానికి కూడా అనుమతి ఉంది. అక్కడ నాలుగు స్థాయిలు పెట్టారు. కానీ స్థాయి అంకె చూసి ఎంచితే మోసపోతాం. కథ ఎంత పొడుగో దాదాపుగా తెలుస్తుంది గానీ, ఒత్తులెన్ని, మాటలు ఎంత పొడుగు అన్నది మాత్రం వంద మాటలు చదివిస్తేనే బయటపడుతుంది. ఇంకో పని, ప్రింట్ తీసేటప్పుడు స్థాయి అంకె తీసేస్తాను. పదేళ్ళవాడికి "2" అన్న అంకె కనబడితే మళ్ళీ పరుపు కిందికే. కొన్నవాటిలో మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి సన్నవి బాగా పనికొచ్చాయి. సన్నగా ఉండటం చిన్న విషయం కాదు, చివరి పేజీ ఈరోజే చేరొచ్చు అనిపించాలి వాడికి.

తర్వాతి నెలన్నర ఒకే విషయం మీద ఉన్నాం. ఏనుగులు, వెంటనే మళ్ళీ ఏనుగులు, ఆ పక్కనే చిరుతలు, ఎర్రచందనం అడవి. చాలామంది రకరకాలవి చదివించాలంటారు. వెనకబడిన పిల్లవాడికి అది తిరగేసిన సలహా. ఒకే విషయం మీద మూడు పుస్తకాలు వరసగా చదివితే "క్షీరదం" మొదటి దాంట్లో తగులుతుంది, రెండోదాంట్లో ఆగి చదువుతాడు, మూడోదాంట్లో గుర్తుపడతాడు. ఎనిమిది గీతలు ఐదయ్యాయి, తర్వాత మూడు. వరసగా రెండు పుస్తకాల్లో మూడు లోపు వస్తే కొంచెం బరువైనది తెస్తున్నాను. ఒక్కసారి మాత్రం మోసపోయాను. ఒక పుస్తకంలో సున్నా వచ్చింది, సంబరపడ్డాను, తీరా చూస్తే వాడికి అది కంఠతా వచ్చేసింది. అప్పటి నుంచి చదవని పేజీ మీదే లెక్క కడుతున్నాను.

పది దాటిన పుస్తకాలను పక్కన పెట్టెయ్యలేదు. రాత్రి నేనే చదివి వినిపిస్తాను. మా చెల్లెలు ఫోన్‌లో దీనికి ఒప్పుకోలేదు. "నువ్వే చదివి పెడితే వానికి సోమరితనం రాదా అన్నా?" అంది. రాదు. సన్న పుస్తకాల్లో వాడు కళ్ళకు పని చెబుతున్నాడు. కానీ వాటిలో పెద్ద కథ ఉండదు, వయసుకు తగ్గ ఉత్కంఠ ఉండదు. ఆ ఆకలి చెవి ద్వారా తీరకపోతే, పుస్తకమంటే చిన్నపిల్లోళ్ళదే అని వాడు తేల్చేసుకుంటాడు. పైగా "నిశ్చేష్టుడై" లాంటి మాట ముందు చెవిలో పడితేనే తర్వాత కంటికి దొరుకుతుంది. ఇంగ్లీషు పుస్తకాలను ఇప్పటికి ఈ లెక్కలో కలపలేదు. బడి ఇంగ్లీషు మీడియమే, టెన్షన్ నాకూ ఉంది. కానీ తెలుగులో వాడికి రానిది అక్షరాలను మాటగా కలపడం ఒక్కటే, ఇంగ్లీషులో మాట పలికినా అదేమిటో తెలియదు. రెండు బరువులు ఒకేసారి ఎత్తించను.

పోయిన ఆదివారం ఒక పాత పుస్తకాల షాపుకి వెళ్ళాం. నేను వేరే వరసలో ఉన్నాను. వాడు పాముల మీద ఒక లావుపాటి పుస్తకం తీసి, మధ్యలో తెరిచి, నేల మీద కూర్చుని పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు, ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటూ. చాలాసేపటికి లేచి వచ్చాడు.

"మామా, దీంట్లో నాకు పద్నాలుగు తగిలినాయి" అన్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. నా చేతిలో పెట్టి, "ఇది నువ్వు చదువు, నేను వింటా. కట్లపాము దగ్గర మొదలుపెట్టు" అన్నాడు.